ఎనభై మాత్ర తీసేసి నలభై మాత్ర ఇచ్చారేం? ఒక ఉద్దానం కేసు, రెండు గీతలు

ఫార్మసీ, నర్సింగ్ పిల్లలకీ, మా దగ్గరకి కొత్తగా వచ్చే హౌస్ సర్జన్లకీ ఫార్మకాలజీలో ఒకే చోట తికమక వస్తుంది. పొటెన్సీ వేరు, ఎఫికసీ వేరు, థెరప్యూటిక్ ఇండెక్స్ వేరు అని నిర్వచనాలు అప్పజెప్పేస్తారు. వార్డులోకి వచ్చాక మాత్రం స్ట్రిప్ మీద ఉన్న ఎంజీ అంకె చూసి ఇది పెద్ద మందు, ఇది చిన్న మందు అనేస్తారు. ఈ కేసులో ఆ పని చేసింది వైద్య విద్యార్థి కాదు, రోగి కొడుకు. కానీ అతని లెక్క మన విద్యార్థుల లెక్కే. అందుకే ఈ కేసు రాస్తున్నాను. రోగిని గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను.

రోగికి 62 ఏళ్లు. కవిటి మండలంలో ఒక పల్లె. కొబ్బరి, జీడి తోట ఉంది, ఇప్పటికీ తోటలోకి వెళ్లి పని చూసుకుంటాడు. ఉద్దానంలో చాలామందికి ఉన్నట్టే ఈయనకీ కిడ్నీ జబ్బు ఉంది. క్రియాటినిన్ 3.1, దాన్నిబట్టి కిడ్నీ వడపోతని చెప్పే ఈజీఎఫ్ఆర్ సుమారు 22. రెండు కాళ్లూ మోకాళ్ల దాకా పొంగి, రాత్రిళ్లు పడుకుంటే ఆయాసం వస్తోందని శ్రీకాకుళం వచ్చారు.

ఉద్దానం అనగానే వాపు కిడ్నీదే అనుకోవడం తేలిక. కానీ అక్కడి జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, వాపు కూడా తొందరగా రాదు. ఇంత వాపు ఉంటే గుండె సంగతి చూడాల్సిందే. ఎకో తీయిస్తే ఎజెక్షన్ ఫ్రాక్షన్ 35 శాతం, అంటే గుండె వైఫల్యం. ఈసీజీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే నాడి ఒక లయ లేకుండా కొట్టుకోవడం. బరువు 61 కిలోలు. వాపు లేనప్పుడు 54 ఉండేవాడినని ఆయనే చెప్పాడు.

ఎంత వేసినా ఎక్కని మందు

మా దగ్గరకి వచ్చేసరికే ఊళ్లో నీటి మాత్ర మొదలైంది. హైడ్రోక్లోరోథయజైడ్ 25 ఎంజీ. వాపు తగ్గలేదని 50 చేశారు. అయినా మూత్రం పెరగలేదు. ఇంటివాళ్లు వంద చేస్తే తగ్గుతుందేమో అని అడిగారు.

తగ్గదు. ఎందుకో గ్రాఫ్ మీద చూద్దాం. అడ్డంగా మందు డోసు, నిలువుగా ఆ మందు వల్ల వచ్చే ఫలితం, ఇక్కడైతే మూత్రంలో బయటకి పోయే ఉప్పు. డోసు అక్షం మీద 10, 20, 40, 80 ఇలా రెట్టింపు అయ్యే అంకెలు సమాన దూరంలో ఉంటాయి. అలా గీస్తే దాదాపు ఏ మందు గీతైనా సాగదీసిన ఎస్ ఆకారంలో వస్తుంది. మొదట్లో నేలను అంటుకుని ఉంటుంది, మధ్యలో నిటారుగా లేస్తుంది, పైకి వెళ్లి చదునైపోతుంది. ఆ చదును ఎత్తే ఎఫికసీ. ఆ మందు చేయగలిగింది అంతే. అక్కడికి చేరాక డోసు పెంచితే గీత కుడివైపు సాగుతుంది తప్ప పైకి లేవదు.

థయజైడ్ చదును ఎత్తు తక్కువ. కారణం కిడ్నీలో అది పనిచేసే చోటులోనే ఉంది. వడపోతలో దిగిన సోడియంలో ఎక్కువ భాగాన్ని కిడ్నీ మళ్లీ లోపలికి లాక్కుంటుంది. నెఫ్రాన్‌లో హెన్లీ లూప్ దాదాపు పాతిక శాతాన్ని లాక్కుంటే, ఆ తర్వాత వచ్చే డిస్టల్ ట్యూబ్యూల్ సుమారు అయిదు శాతాన్నే లాక్కుంటుంది. థయజైడ్ ఆ డిస్టల్ ట్యూబ్యూల్‌ని మూసేస్తుంది. నూటికి నూరు పాళ్లూ మూసేసినా ఆపగలిగేది ఆ అయిదు శాతమే. ఊట లేని బావికి ఎంత పెద్ద మోటారు బిగించినా అంతే నీళ్లు. పైగా ఈయన కిడ్నీలో వడపోతే నాలుగో వంతుకి పడిపోయింది, అంటే ఆ అయిదు శాతం కూడా చిన్న మొత్తంలోంచే రావాలి. (థయజైడ్ జాతి మందులు కిడ్నీ జబ్బులో అసలు పనికిరావని పాత మాట. రక్తపోటు తగ్గించడానికి క్లోర్‌థాలిడోన్ ఆ దశలోనూ పనిచేస్తుందని 2021లో తేలింది. మన రోగికి కావలసింది ఏడు కిలోల నీరు దిగడం, అది వేరే సంగతి.)

కాబట్టి మందు మార్చాం. ఫ్యూరోసెమైడ్ హెన్లీ లూప్ మీద పనిచేస్తుంది. దాని చదును ఎత్తు వేరే స్థాయిలో ఉంటుంది.

ఒక మనిషి గీతను వార్డులో గీయడం

పేగు వాచి ఉన్నప్పుడు మాత్ర సరిగ్గా ఎక్కదు కాబట్టి ఇంజెక్షన్‌తో మొదలుపెట్టాం. యూరిన్ బ్యాగ్ పెట్టి, మందిచ్చిన మొదటి ఆరు గంటల్లో ఎంత వచ్చిందో సిస్టర్ రాసిపెట్టింది. 40 ఎంజీకి 350 మిల్లీలీటర్లు. 80కి 1100. నీరు ఇంకా తొందరగా దిగాలని మరుసటి రోజు 120 ఇస్తే 1200.

ఈ మూడు అంకెల్లో గీత మొత్తం ఉంది. 40 దగ్గర ఆయన ఇంకా నేలకి దగ్గరగానే ఉన్నాడు. 80కి నిటారు భాగం దాటేశాడు. 80 నుంచి 120కి డోసు ఒకటిన్నర రెట్లయితే వచ్చింది వంద మిల్లీలీటర్లు అదనం. అంటే చదును మీదకి వచ్చేశాం. ఇక ఒక్కో డోసు పెంచడంలో లాభం లేదు. చెవికి దెబ్బ తగిలే భయం మాత్రం పెరుగుతుంది, ఫ్యూరోసెమైడ్ ఎక్కువ డోసులో వేగంగా ఎక్కిస్తే వినికిడి దెబ్బతింటుంది. నీరు ఇంకా దిగాలంటే 80నే రోజుకి రెండుసార్లు ఇవ్వాలి. అదే చేశాం.

కిడ్నీ బాగున్న మనిషికైతే 40 ఎంజీ ఇంజెక్షనే చదును దగ్గరకి తీసుకెళ్లిపోతుంది. ఫ్యూరోసెమైడ్ పనిచేసేది రక్తంలో ఉండి కాదు, ట్యూబ్యూల్ లోపలికి స్రవించబడ్డాకే. కిడ్నీ చెడితే ఆ స్రావం తగ్గుతుంది, అదే ఫలితానికి ఎక్కువ డోసు కావాలి. అంటే ఆ మనిషిలో గీత కుడివైపుకి జరిగింది. మందు నాసిరకం కాలేదు, మందుల కంపెనీ మోసం చేయలేదు, గీత జరిగింది అంతే. నలభై ఇచ్చాం, మూత్రం రాలేదు, ఈ మందు పనిచేయడం లేదు అని కేస్ షీట్‌లో రాసేసే వాళ్లని చూస్తుంటాను. నిటారు భాగాన్ని చేరకుండా మందు ఫెయిలైందని చెప్పలేం. చదును మీదకి వెళ్లి కూడా ఫలితం చాలకపోతే అప్పుడు ఆ మాట అనొచ్చు, థయజైడ్ విషయంలో అన్నట్టు.

వారంలో బరువు 54కి వచ్చింది. మాత్రల మీదకి మార్చి, రోజుకి ఫ్యూరోసెమైడ్ 80 ఎంజీతో రెండు రోజులు చూసి, ఇంటికి పంపేటప్పుడు టార్సెమైడ్ 40 ఎంజీగా మార్చి రాశాను. కథ మలుపు తిరిగింది ఇక్కడే.

ఎనభై, నలభై

నోటి ద్వారా ఇచ్చే ఫ్యూరోసెమైడ్ 40 ఎంజీకి సమానంగా టార్సెమైడ్ 20 ఎంజీ అని లెక్క. అదే జాతిలో బ్యూమెటనైడ్ అయితే 1 ఎంజీ చాలు. మూడూ హెన్లీ లూప్‌లో ఒకే ట్రాన్స్‌పోర్టర్‌ని మూస్తాయి, మూడింటి చదును ఎత్తూ ఒకటే. గ్రాఫ్ మీద మూడు ఎస్ గీతలు పక్కపక్కన సమాంతరంగా ఉంటాయి, బ్యూమెటనైడ్ ఎడమ చివర, టార్సెమైడ్ మధ్యలో, ఫ్యూరోసెమైడ్ కుడివైపు. ఎడమవైపు ఉన్న మందుకి పొటెన్సీ ఎక్కువ, అంటే అదే ఫలితాన్ని తక్కువ ఎంజీతో తెస్తుంది. దీన్ని కొలవడానికి ప్రతి గీత మీదా సగం ఎత్తు దగ్గర ఆగి, కిందకి నిలువు గీత దించి, అక్కడి డోసు చదువుతాం. దాన్నే ఈడీ50 అంటారు. ఈడీ50 ఎంత చిన్నదైతే పొటెన్సీ అంత ఎక్కువ.

పొటెన్సీ ఎక్కువైనంత మాత్రాన రోగికి ఒరిగేదేమీ లేదు. మాత్ర చిన్నగా చేయొచ్చు, ఒక్కటి వేసుకుంటే సరిపోతుంది. టార్సెమైడ్‌కి మార్చడానికి నా కారణం కూడా పొటెన్సీ కాదు. ఫ్యూరోసెమైడ్ మాత్ర పేగులోంచి ఒకరోజు బాగా ఎక్కుతుంది, ఇంకోరోజు ఎక్కదు, టార్సెమైడ్ ఎనభై తొంభై శాతం నిలకడగా ఎక్కుతుంది. ఆ నిలకడ వల్ల మనుషులు ఎక్కువ కాలం బతుకుతారా అంటే, 2023లో వచ్చిన ట్రాన్స్‌ఫార్మ్-హెచ్ఎఫ్ ట్రయల్‌లో 2,859 మంది గుండె వైఫల్య రోగుల్ని చూశారు. మరణాలు టార్సెమైడ్ వాళ్లలో 26.1 శాతం, ఫ్యూరోసెమైడ్ వాళ్లలో 26.2 శాతం. పొటెన్సీలో రెట్టింపు తేడా ఉన్న రెండు మందులకి ఫలితం అలా పక్కపక్కనే వచ్చింది.

ఒక మందుకి పొటెన్సీ ఎక్కువ, ఇంకోదానికి ఎఫికసీ ఎక్కువ ఉండొచ్చా? భేషుగ్గా ఉండొచ్చు. మన రోగి మొదటి రెండు మందులే ఉదాహరణ. హైడ్రోక్లోరోథయజైడ్ 25 ఎంజీకే తన చదును దగ్గరకి వచ్చేస్తుంది, ఫ్యూరోసెమైడ్ ఆయనలో 80 దాకా వెళ్లాల్సి వచ్చింది. ఎంజీ చూస్తే థయజైడ్ ఎడమవైపు ఉంది. ఎత్తు చూస్తే ఫ్యూరోసెమైడ్‌కి ఆమడ దూరంలో ఆగిపోయింది. గీతల్ని చదివేటప్పుడు ముందు పైకి చూడండి, తర్వాత పక్కకి చూడండి. పరీక్షలో గ్రాఫ్ ఇచ్చి ఏ మందు పొటెంట్ అని అడిగితే చాలామంది పొడుగ్గా ఉన్న గీతని చూపిస్తారు.

మూడు వారాల తర్వాత

ఇంటికి వెళ్లిన రెండో వారంలో గుండె దడగా ఉందని దగ్గరలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లారు. నాడి వేగంగా ఉందని అక్కడ డిగాక్సిన్ 0.25 ఎంజీ రోజుకొకటి రాశారు. గుండె వైఫల్యం, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రెండూ ఉన్న మనిషికి డిగాక్సిన్ రాయడం వింత కాదు. ఈ కిడ్నీకి ఆ డోసు మాత్రం చాలా ఎక్కువ.

మూడో వారం చివర మా దగ్గరకి తెచ్చేసరికి మనిషి పీక్కుపోయి ఉన్నాడు. అన్నం చూస్తేనే వికారం, నాలుగు రోజులుగా వాంతులు. ట్యూబ్‌లైటు చుట్టూ పసుపు పూసినట్టు కనబడుతోందన్నాడు. బరువు 50, అంటే ఉండాల్సిన దానికంటే నాలుగు కిలోలు తక్కువ. బీపీ 96/60. నాడి 44.

నాడి నెమ్మదించడం కంటే నన్ను ఆపింది ఇంకొకటి. అది గడియారంలా క్రమంగా కొట్టుకుంటోంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్న మనిషి నాడి లయ తప్పి ఉండాలి. అలాంటి నాడి ఉన్నట్టుండి నెమ్మదిగా, క్రమంగా మారి, ఆ మనిషి డిగాక్సిన్ మీద ఉంటే, బాగుపడ్డాడని సంతోషించకూడదు. పై గదుల నుంచి కిందకి దారి మూసుకుపోయి, మధ్యలోని జంక్షన్ తనంతట తాను కొట్టుకుంటోందని అర్థం. ఈసీజీలో అదే ఉంది. పీ వేవ్‌లు లేవు, సన్నని కాంప్లెక్సులు సమాన దూరంలో వస్తున్నాయి, ఎస్‌టీ భాగం గరిటెతో తోడినట్టు కిందకి వంగి ఉంది. (ఆ వంపు డిగాక్సిన్ వాడుతున్నాడని మాత్రమే చెబుతుంది, విషమైందని కాదు. దాన్ని చూసి కంగారు పడొద్దు.) పొటాషియం 3.0, క్రియాటినిన్ 4.4.

మందులన్నీ తెమ్మన్నాను. కొడుకు సంచిలోంచి స్ట్రిప్పులు టేబుల్ మీద పోశాడు. టార్సెమైడ్ స్ట్రిప్పులు ఉండాల్సిన దానికంటే ముందే అయిపోయాయి.

“ఎనభై నుంచి నలభైకి దించేసినారు కదండీ. కాళ్లు మళ్లీ పొంగుతాయేమోనని టెన్షనొచ్చి రెండేసి వేసినాను సార్,” అన్నాడు.

మరి డిగాక్సిన్? ముసలాయనే జవాబిచ్చాడు. “ఆ చిన్న మాత్రా బాబూ? సున్నా పాయింటు రెండు అయిదు. అదేటి చేత్తాది? దడొచ్చిన రోజున రెండు మింగినాను.”

వాళ్ల దృష్టిలో రెండూ జాగ్రత్త కోసం చేసిన పనులే. టార్సెమైడ్ 80 అంటే ఫ్యూరోసెమైడ్ 160కి సమానం. దాంతో నీరు అవసరానికి మించి దిగిపోయింది, పొటాషియం కొట్టుకుపోయింది, ఎండిపోయిన కిడ్నీ ఇంకా మందగించింది. ఆ కిడ్నీ మీదే డిగాక్సిన్ బయటకి పోవడం ఆధారపడి ఉంది.

రెండో గీత

ఇప్పటిదాకా ఒక మనిషికి డోసు పెంచుతూ పోతే ఫలితం ఎంత పెరిగింది అని చూశాం. ప్రాణాపాయాన్ని అలా కొలవలేం. ఒక జీవి సగం చావదు. అందుకని ప్రశ్న మార్చాలి. ఈ డోసుకి నూటికి ఎందరు పోయారు? నిలువు అక్షం మీద ఇప్పుడు ఫలితం పరిమాణం ఉండదు, శాతం ఉంటుంది. మందు పనిచేసిందా లేదా అని కూడా ఇలాగే లెక్కపెట్టవచ్చు, ఫలానా డోసుకి నూటికి ఎందరిలో పనిచేసింది అని. అప్పుడు ఒకే గ్రాఫ్ మీద రెండు ఎస్ గీతలు వస్తాయి. ఎడమది మేలు గీత, కుడిది చావు గీత. మేలు గీత మీద 50 శాతం దగ్గర చదివే డోసుని కూడా ఈడీ50 అనే అంటారు. పేరు ఒకటే గానీ ఇందాకటి ఈడీ50 ఒక మనిషిలో సగం ఫలితం, ఇది సగం మందిలో అనుకున్న ఫలితం. పుస్తకాలు ఈ రెండిటినీ ఒకే పేరుతో పిలుస్తాయి కాబట్టి, గ్రాఫ్ చూడగానే నిలువు అక్షం మీద ఏం రాసుందో చదవండి.

చావు గీత మీద 50 శాతం దగ్గరి డోసు ఎల్‌డీ50. దీన్ని 1927లో జె. డబ్ల్యూ. ట్రెవన్ ప్రవేశపెట్టాడు. ఆయన తల పట్టుకున్న మందుల్లో డిజిటాలిస్ కూడా ఒకటి, అంటే మన రోగి మింగిన డిగాక్సిన్ జాతే. ఆకు నుంచి తీసే ఆ మందు బలం ఒక్కో సీసాకీ ఒక్కోలా ఉండేది, జంతువుల మీద పరీక్షించి బలం తేల్చేవారు. అప్పటిదాకా కనీసం ఎంత డోసుకి చస్తుంది అని వెతికేవారు. ఆ అంకె ఎప్పుడూ నిలిచేది కాదు, ఎందుకంటే ఎస్ గీత కింది చివర చదునుగా ఉంటుంది, అక్కడ ఒకటి రెండు బలహీనమైన జంతువులు అంకెను ఎటో లాగేస్తాయి. మధ్యలో గీత నిటారుగా ఉంటుంది కాబట్టి అక్కడి డోసు కచ్చితంగా తెలుస్తుంది. 50 అనే అంకెలో ఇంకే మహత్యమూ లేదు.

ఇక థెరప్యూటిక్ ఇండెక్స్ ఒక భాగహారం.

థెరప్యూటిక్ ఇండెక్స్ = ఎల్‌డీ50 ÷ ఈడీ50

మనుషుల్లో చావు దాకా వెళ్లి లెక్కపెట్టరు కాబట్టి ఎల్‌డీ50 బదులు టీడీ50 పెడతారు, అంటే సగం మందిలో విష లక్షణాలు వచ్చే డోసు. భాగహారం ఎంత ఎక్కువ వస్తే రెండు గీతల మధ్య అంత ఖాళీ.

ఈ అంకె మోసం చేసే తీరు ఒకటుంది, అది బోధపడాలంటే లెక్క చేయాలి. లెక్క కోసం నేను వేసిన అంకెలు ఇవి. క అనే మందుకీ ఖ అనే మందుకీ ఈడీ50 పది, ఎల్‌డీ50 వంద. రెండిటికీ ఇండెక్స్ పదే. క మందు గీతలు రెండూ నిటారుగా ఉన్నాయి, 99 శాతం మందిలో పనిచేయడానికి 20 ఎంజీ చాలు, ఒక్క శాతం చావడానికి 50 ఎంజీ కావాలి. ఖ మందు గీతలు వాలుగా ఉన్నాయి. 99 శాతానికి 40 ఎంజీ కావాలి, కానీ ఒక శాతం చావు 20 దగ్గరే మొదలవుతుంది. క మందుని అందరికీ పనిచేసేలా ఇచ్చినా ఎవరూ ప్రమాదంలో లేరు. ఖ మందుని అలా ఇస్తే కొందరిని చంపుతాం. ఇండెక్స్ రెండిటికీ పదే అని గుర్తుపెట్టుకోండి. అందుకే మధ్యలు కాకుండా చివరలు పట్టుకుని ఎల్‌డీ1ని ఈడీ99తో భాగించే పద్ధతి కూడా ఉంది. క మందుకి అది రెండున్నర, ఖ మందుకి అర. ఒకటి కంటే తగ్గిందంటే గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డట్టే.

ఈయన గీతలు ఎటు జరిగాయి

డిగాక్సిన్ గీతలు మొదటినుంచీ దగ్గర దగ్గరగానే ఉంటాయి. గుండె వైఫల్యంలో రక్తంలో మిల్లీలీటరుకి 0.5 నుంచి 0.9 నానోగ్రాముల మధ్య ఉంచాలని చూస్తాం. 2 దాటితే విష లక్షణాలు తరచుగా కనబడతాయి. రెండిటి మధ్య తేడా రెండు మూడు రెట్లే. పైగా 0.9 దాటి పెంచితే మేలు పెరగదు. డిగాక్సిన్ మీద జరిగిన పెద్ద ట్రయల్ సమాచారాన్ని 2003లో మళ్లీ తీసి చూస్తే, 1.2, అంతకంటే ఎక్కువ ఉన్న మగవాళ్లలో మరణాలు ఎక్కువగా కనబడ్డాయి. మేలు గీత చదును మీదకి వచ్చేశాక చావు గీత మాత్రం లేస్తూనే ఉందన్నమాట.

మన రోగిలో రెండు కదలికలు జరిగాయి, వీటిని కలిపేయకూడదు.

మొదటిది కిడ్నీ వల్ల. డిగాక్సిన్‌లో ఎక్కువ భాగం మారకుండా మూత్రంలోనే పోతుంది. కిడ్నీ మందగిస్తే అదే మాత్రతో రక్తంలో మందు ఎక్కువ నిలుస్తుంది. డోసు అక్షం మీద చూస్తే మేలు గీత, విష గీత రెండూ కలిసి ఎడమకి జరిగాయి. వాటి మధ్య ఖాళీ మారలేదు, ఇండెక్స్ కూడా మారలేదు. కానీ 0.25 అనే డోసు ఉన్నచోటే ఉంది. ఆరోగ్యవంతుడిలో మేలు గీత మీద నిలబడే ఆ డోసు ఈయనలో విష గీత కిందకి వచ్చేసింది. ఇలాంటి కదలికకి విరుగుడు డోసు తగ్గించడమే.

రెండోది పొటాషియం వల్ల. గుండె కణాల మీద సోడియం-పొటాషియం పంపు దగ్గర డిగాక్సిన్, పొటాషియం పోటీపడతాయి. పొటాషియం తగ్గితే డిగాక్సిన్ మరింత గట్టిగా అతుక్కుంటుంది, గుండె లయ తప్పే ప్రమాదం పెరుగుతుంది. ఇక్కడ ముఖ్యంగా విష గీతే ఎడమకి జరుగుతుంది, మధ్యలో ఖాళీయే తగ్గిపోతుంది. అంటే ఈ మనిషిలో ఈరోజు డిగాక్సిన్ ఇండెక్స్ పుస్తకంలో ఉన్నంత లేదు. రిపోర్టులో లెవెల్ 1.6 వచ్చి, అది రెండుకి లోపలే కదా అని వదిలేస్తే ఇలాంటి చోటే దెబ్బతింటాం. రక్తంలో డిగాక్సిన్ లెవెల్‌ని ఎప్పుడూ పొటాషియం పక్కన పెట్టి చదవాలి.

లెవెల్ కోసం రక్తం తీసే వేళ కూడా చూసుకోవాలి. మాత్ర మింగిన వెంటనే రక్తంలో మందు ఎక్కువగా ఉంటుంది, కణజాలంలోకి దిగడానికి కనీసం ఆరు గంటలు పడుతుంది. ఈలోపు తీస్తే తప్పుడు భయం. ఈయన చివరి మాత్ర ముందు రోజు రాత్రి వేసుకున్నాడు, ఉదయం రక్తం తీశాం. రిపోర్టు మరుసటి రోజు వచ్చింది. 2.9.

చేసిందేమిటి

రిపోర్టు కోసం ఆగలేదు. నాడి, ఈసీజీ, వాంతులు, పసుపు చూపు చాలు. డిగాక్సిన్, టార్సెమైడ్ రెండూ ఆపాం. మానిటర్ పెట్టాం. సెలైన్ నెమ్మదిగా, గుండెను చూసుకుంటూ ఇచ్చాం. పొటాషియం నోటి ద్వారా, చిన్న డోసుల్లో. ఈ కిడ్నీకి పొటాషియం ఎక్కువైతే దించడం కష్టం, పైగా గుండెలో దారి మూసుకుపోయి ఉన్నప్పుడు పొటాషియం ఎగిరితే ఆ అడ్డంకి ఇంకా బిగుసుకుంటుంది. అట్రోపిన్ మంచం పక్కన ఉంచాం. తాత్కాలిక పేస్‌మేకర్ వేయగల చోటికి, విశాఖపట్నం, ముందే ఫోన్ చేసి చెప్పి పెట్టాం. డిగాక్సిన్‌ని పట్టి లాగేసే యాంటీబాడీ మందు ఉంది గానీ మా దగ్గర లేదు. బీపీ ఇంకా పడిపోయినా, వెంట్రిక్యులర్ టాకీకార్డియా వచ్చినా అది తప్పనిసరి అయ్యేది. అదృష్టవశాత్తూ ఆ అవసరం రాలేదు.

రెండో రోజు నాడి 58. మూడో రోజు మళ్లీ లయ తప్పి 80 దగ్గరకి వచ్చింది. కొడుకు కంగారుపడ్డాడు, నేను మాత్రం ఊపిరి పీల్చుకున్నాను. అయిదు రోజులు గడిచాక లెవెల్ 1.3. కిడ్నీ బాగున్నవాళ్లలో డిగాక్సిన్ సగం తగ్గడానికి ఒకటిన్నర నుంచి రెండు రోజులు చాలు. ఈయనలో 2.9 నుంచి 1.3కి రావడానికి అయిదు రోజులు పట్టింది, అంటే సగం తగ్గడానికి నాలుగు రోజులకి పైనే. పూర్తిగా నిలిచిపోయిన కిడ్నీలో పుస్తకం చెప్పే మూడున్నర నుంచి అయిదు రోజులకి ఇది దగ్గరగా ఉంది. రోజుకొక మాత్ర వేస్తూ పోతే మందు ఎంత పేరుకుందో ఈ లెక్కే చెబుతుంది.

డిగాక్సిన్ మళ్లీ మొదలుపెట్టలేదు. 0.0625 ఎంజీతో ఇవ్వొచ్చు, కొందరు అలాగే చేస్తారు. కానీ నెలకోసారి లెవెల్, పొటాషియం చూడగలిగితేనే. కవిటి నుంచి అది జరగదని నా అంచనా. నాడిని అదుపులో పెట్టడానికి మెటోప్రొలాల్ 25 ఎంజీ ఇచ్చాం, నాడి మళ్లీ వేగమయ్యాక. టార్సెమైడ్ రోజుకి 20 ఎంజీకి దించాం.

ఈసారి చీటీ మీద ఎంజీ పక్కన ఇంకో అంకె రాశాను. రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకోవాలి. 54 దగ్గర ఉంటే ఒక్క మాత్రే. రెండు రోజుల్లో కిలోన్నర పెరిగితే ఫోన్ చేయాలి, 52కి పడితే మాత్ర ఆపి ఫోన్ చేయాలి. కొత్త మందు ఎవరు రాసినా ముందు ఆ స్ట్రిప్ ఫొటో పంపాలి. నెల తర్వాత వచ్చినప్పుడు బరువు 53.5, క్రియాటినిన్ 3.2, పొటాషియం 4.4. కొడుకు నోట్‌బుక్‌లో బరువు వరసలు రాసుకొచ్చాడు, మధ్యలో రెండు రోజులు ఖాళీ. ఆ రెండు రోజులూ తోటలో జీడిపిక్కలు ఏరుతున్నామని ముసలాయన చెప్పాడు.